చిగుళ్ల వాపు మానితే షుగర్ ఎందుకు దిగుతుంది?

బస్సు కండక్టరుగా పనిచేసే 52 ఏళ్ల వ్యక్తిని ఒకరిని ఊహించుకుందాం. ఎనిమిదేళ్లుగా ఆయనకు మధుమేహం ఉంది. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటాడు. టీలో చక్కెర మానేశాడు. అన్నం తగ్గించాడు. అయినా మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఫలితం 8.6 శాతానికి అటూ ఇటూగానే ఉంటోంది. అది 7 దగ్గర ఉండాలని డాక్టరు చెబుతున్నా దిగడం లేదు. మాత్ర మోతాదు పెంచారు, తర్వాత ఇంకో మాత్ర చేర్చారు.

ఈయన డాక్టరుకు ఎప్పుడూ చెప్పని విషయం ఒకటుంది. రెండేళ్లుగా పళ్లు తోముకునేటప్పుడు నురగలో ఎర్రటి చార కనిపిస్తోంది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. రక్తం వచ్చేచోట బ్రష్ తగిలితే ఇంకా పుండవుతుందని ఆ పక్క తోమడమే తగ్గించేశాడు. కింది ముందు పళ్లు రెండు కాస్త కదులుతున్నట్టు అనిపించినా, షుగర్ ఉన్నవాళ్లకు ఇది మామూలేనని పక్కింటివాళ్లు చెప్పిన మాటతో సరిపెట్టుకున్నాడు.

పక్కింటివాళ్ల మాటలో సగం నిజం ఉంది. మధుమేహం చిగుళ్లను దెబ్బతీస్తుంది. మిగతా సగం వాళ్లకు తెలియదు. దెబ్బతిన్న చిగుళ్లు తిరిగి షుగర్‌ను పెంచుతాయి. ఈయన ఊహించిన మనిషే అయినా ఇలాంటివారు దంతవైద్యులకు తరచూ ఎదురవుతూనే ఉంటారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. అంతకు ముందు 2002-03లో జరిగిన జాతీయ దంతారోగ్య సర్వేలో 35 నుంచి 44 ఏళ్లవారిలో పది మందికి దాదాపు తొమ్మిది మందిలో ఏదో ఒక స్థాయి చిగుళ్ల జబ్బు కనిపించింది. అందులో ఎక్కువ భాగం తేలికపాటిదే. అయినా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలుసుకునే సందర్భాలు ఎన్నో ఊహించవచ్చు.

పాచి గారగా మారే తీరు

రాత్రి శుభ్రంగా తోముకుని పడుకున్నా పొద్దున్నకల్లా పంటి మీద నాలుకకు జిగురుగా ఏదో తగులుతుంది. అదే పాచి. చూడటానికి ఆహారపు తెట్టులా ఉన్నా, అందులో ఉండేది ముఖ్యంగా బ్యాక్టీరియా. అవి విడివిడిగా తిరగవు. తాము తయారుచేసుకున్న జిగట పదార్థంలో ఒకదానికొకటి అతుక్కుని, పొరలు పొరలుగా కాపురం పెడతాయి. అందుకే నోరు పుక్కిలిస్తే అవి పోవు. బ్రష్‌తో రుద్ది చెరిపెయ్యాల్సిందే.

చెరపకుండా వదిలిన పాచిలోకి ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు చేరి కొన్ని రోజుల్లోనే అది గట్టిపడటం మొదలవుతుంది. అలా రాయిలా మారినదే గార. కింది ముందు పళ్ల లోపలి వైపు, పై దవడ పళ్ల బుగ్గ వైపు గార ఎక్కువగా పేరుకోవడానికి కారణం లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకోవడం. గార ఒకసారి గట్టిపడితే ఏ బ్రష్‌కూ, ఏ పేస్టుకూ లొంగదు. దాని గరుకు ఉపరితలం మీద కొత్త పాచి ఇంకా సులువుగా అంటుకుంటుంది.

పాచికీ చిగుళ్ల వాపుకీ నేరుగా సంబంధం ఉందని 1965లో డెన్మార్క్‌లో చేసిన ఒక చిన్న ప్రయోగం తేల్చింది. హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా మానెయ్యమన్నారు. వారిలో చాలామంది దంతవైద్య విద్యార్థులే. 10 నుంచి 21 రోజుల్లో ఆ పన్నెండుగురికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో చిగుళ్లు మామూలైపోయాయి.

ఈ ప్రయోగంలో కండక్టరుకు ఉపయోగపడే మాట ఒకటి ఉంది. చిగుళ్ల వాపు మొదటి దశలో పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేస్తే జరిగేది అందుకు విరుద్ధం. పాచి ఉండటం వల్లనే రక్తం వస్తోంది. పాచి తీస్తేనే అది ఆగుతుంది.

ఎముక దాకా చేరినప్పుడు

వాపు ఏళ్ల తరబడి కొనసాగితే కొందరిలో కథ మారుతుంది. పంటికీ చిగురుకీ మధ్య సహజంగానే సన్నటి సందు ఉంటుంది. పాచి ఆ సందులోకి దిగి గాలి తగలని చోట స్థిరపడుతుంది. ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియా అక్కడ బలం పుంజుకుంటాయి. వాటిలో పేరు మోసినది పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్. వీటిని అడ్డుకోవడానికి శరీరం తెల్ల రక్తకణాలను పంపుతుంది. ఆ పోరులో విడుదలయ్యే రసాయనాలు బ్యాక్టీరియాతో పాటు పంటిని పట్టి ఉంచే నారపోగులనూ దెబ్బతీస్తాయి, చుట్టూ ఉన్న దవడ ఎముకనూ కరిగిస్తాయి. పన్ను కదలడానికి కారణం ఇదే. పంటికి ఏమీ కాదు, దాన్ని నిలబెట్టిన నేల కుంగిపోతుంది. దీన్ని వైద్యులు పెరియోడాంటైటిస్ అంటారు. పోయిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

దీన్ని కనిపెట్టే పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. మిల్లీమీటర్ల గీతలున్న మొండి కొన సన్నటి కడ్డీని దంతవైద్యుడు పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దించి లోతు కొలుస్తాడు. ఆరోగ్యమైన చిగుళ్లలో ఆ లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 దాటితే అనుమానించాలి. 6 దాటిందంటే అక్కడ లోతైన తిత్తి ఏర్పడినట్టే. ప్రతి పంటికీ ఆరు చోట్ల కొలుస్తారు కాబట్టి 28 పళ్లున్న మనిషికి 168 కొలతలు వస్తాయి. కొలిచేటప్పుడు ఎక్కడెక్కడ రక్తం వచ్చిందో కూడా రాసుకుంటారు. ఎముక ఎంత తగ్గిందో ఎక్స్‌రే చెబుతుంది.

ఈ తిత్తుల లోపలి గోడ అంతా పుండే. తీవ్రమైన జబ్బు ఉన్నవారిలో ఇలాంటి పుండు మొత్తం వైశాల్యం సుమారు 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉండవచ్చని పరిశోధకులు లెక్కగట్టారు. రెండు మూడు పది రూపాయల నాణేలను పక్కపక్కన పెడితే అంత అవుతుంది. అంత పుండు మోకాలి మీద ఉంటే ఎవరైనా ఆ రోజే ఆసుపత్రికి పరుగెడతారు. చిగురు కింద ఉన్నది కంటికి కనిపించదు, నొప్పి కూడా పెట్టదు. అందుకే ఏళ్లు గడిచిపోతాయి.

పొగతాగేవారిలో ఇది మరింత మోసం చేస్తుంది. పొగాకు వల్ల చిగుళ్లలో మామూలుగా కనిపించే రక్తస్రావం తగ్గిపోతుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి రక్తం కనిపించకపోవచ్చు. సిగరెట్టో బీడీయో తాగే వ్యక్తి తన చిగుళ్ల నుంచి రక్తం రావడం లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు.

రెండు వైపులా నడిచే దారి

ముందు షుగర్ నుంచి చిగుళ్ల వైపు. రక్తంలో గ్లూకోజ్ చాలాకాలం ఎక్కువగా ఉంటే అది మాంసకృత్తులకు అతుక్కుని కొత్తరకం పదార్థాలను పుట్టిస్తుంది. ఇవి చిగుళ్ల కణజాలంలో పేరుకుని, అక్కడి రక్షక కణాలను అవసరానికి మించి రెచ్చగొడతాయి. మరోవైపు బ్యాక్టీరియాను మింగి చంపాల్సిన తెల్ల రక్తకణాల పనితనం మందగిస్తుంది. గాయం మానే వేగమూ తగ్గుతుంది. అంటే దాడిని ఆపలేని సైన్యం సొంత ఊరినే ధ్వంసం చేస్తున్నట్టు ఉంటుంది పరిస్థితి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పీమా ఆదివాసుల్లో మధుమేహం చాలా ఎక్కువ. అక్కడ జరిపిన అధ్యయనాల్లో మధుమేహం ఉన్నవారికి పెరియోడాంటైటిస్ వచ్చే అవకాశం లేనివారికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. ఈ ఆధారాలన్నీ చూశాక, 1965 ప్రయోగం చేసిన హెరాల్డ్ లోనే 1993లో చిగుళ్ల జబ్బును మధుమేహపు ఆరో దుష్ఫలితం అన్నాడు. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు అనే ఐదింటి పక్కన చిగుళ్లను చేర్చాడు.

ఇక చిగుళ్ల నుంచి షుగర్ వైపు. ఇన్సులిన్ కణం తలుపు తట్టితే కణం గ్లూకోజ్‌ను లోపలికి రానిస్తుంది. శరీరంలో ఎక్కడైనా దీర్ఘకాలం వాపు కొనసాగుతుంటే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేత రసాయనాలు రక్తంలోకి చేరతాయి. ఇవి ఇన్సులిన్ పిలుపు కణానికి సరిగా అందకుండా అడ్డుపడతాయి. ఇన్సులిన్ ఉన్నా పని జరగదు. జ్వరం వచ్చినప్పుడు మధుమేహ రోగుల షుగర్ ఒక్కసారిగా పెరగడం చాలామందికి అనుభవమే. చిగుళ్ల పుండు కూడా అలాంటిదే. తేడా ఏమిటంటే జ్వరం వారంలో పోతుంది, చిగుళ్ల వాపు ఏళ్ల తరబడి సన్నగా రగులుతూనే ఉంటుంది.

పిప్పి పళ్లకూ ఇందులో వాటా ఉంది

పన్ను పుచ్చడం వేరే జబ్బు. అక్కడ దోషి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి బ్యాక్టీరియా. ఇవి మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. తీపి తిన్న కొన్ని నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. ఉమ్మి ఆ ఆమ్లాన్ని కడిగేసి మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. మధ్యలో ఇంకో బిస్కెట్టు, ఇంకో టీ పడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎంత తీపి తిన్నారన్న దానికంటే రోజులో ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ముఖ్యం కావడానికి కారణం ఇదే.

మధుమేహం ఇక్కడ రెండు విధాలుగా కలిసొస్తుంది. షుగర్ అదుపులో లేనివారికి నోరు ఎండిపోతూ ఉంటుంది. కడగాల్సిన ఉమ్మే తగ్గిపోతుంది. చిగుళ్లు కిందికి జారితే పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామిల్ ఉండదు. ఎనామిల్‌ను ఏమీ చేయలేని తేలికపాటి ఆమ్లానికే వేరు కరిగిపోతుంది. యాభై దాటిన షుగర్ రోగుల్లో చిగురు అంచున గోధుమరంగు గాడి కనిపిస్తే అది తరచూ వేరు పుచ్చుతున్న గుర్తు. అది లోపలి నాడి దాకా వెళ్లి వేరు కొసన చీము పడితే, షుగర్‌ను పైకి ఎగదోసే ఇన్ఫెక్షన్ ఇంకొకటి తోడవుతుంది.

కండక్టరు నోట్లో ఏం చేశారు?

మళ్లీ కండక్టరు దగ్గరకు వద్దాం. పుచ్చిన దవడ పన్ను సలుపుతోందని ఆయన దంతవైద్యురాలి దగ్గరకు వెళ్లాడు. ఆమె ఆ పంటితో పాటు నోరంతా కొలిచింది. 168 చోట్లలో 46 చోట్ల లోతు 5 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ. సగానికి పైగా చోట్ల కడ్డీ తగలగానే రక్తం వచ్చింది. ఎక్స్‌రేలో కింది ముందు పళ్ల చుట్టూ ఎముక మూడో వంతు తగ్గి కనిపించింది.

ముందు ఆయనకు పళ్లు ఎలా తోముకోవాలో చూపించారు. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి చిన్న చిన్న కదలికలతో రోజుకు రెండుసార్లు తోమాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడాలి. సందులు పెద్దవయ్యాయి కాబట్టి పళ్ల మధ్య దూరే చిన్న బ్రష్‌ను రోజుకోసారి వాడాలి. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు లాంటి గరుకు వస్తువులతో వేలితో రుద్దితే పంటి మెడ అరుగుతుందే తప్ప సందుల్లోని పాచి రాదు.

తర్వాతి దశలో అల్ట్రాసోనిక్ పరికరంతో చిగురు పైన ఉన్న గారను తీశారు. ఆపై రెండు విడతలుగా చిగుళ్లకు మత్తు ఇచ్చి, తిత్తుల లోపల వేర్లకు అంటుకున్న గారను గీకి వేరును శుభ్రం చేశారు. అసలు చికిత్స ఇదే. చాలామంది క్లీనింగ్ అని పిలిచే పైపై శుభ్రత దీనికి సరిపోదు. పుచ్చిన పంటికి వేరు చికిత్స చేశారు.

చికిత్స అయిన వారానికి ఆయన కంగారుపడ్డాడు. పళ్ల మధ్య ఖాళీలు కనిపిస్తున్నాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది, ముందు పళ్లు ఇంకొంచెం వదులైనట్టున్నాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు ఊడతాయన్న మాట నిజమేనా అని అడిగాడు. ఈ భయం చాలామందిని దంతవైద్యుల దగ్గరకు రాకుండా ఆపుతోంది. జరిగేది ఏమిటంటే, వాచి ఉబ్బిన చిగురు చికిత్స తర్వాత వాపు తగ్గి కుంచించుకుపోతుంది. గార నిండి ఉన్న సందులు ఖాళీ అవుతాయి. ఎముక పోయి కదులుతున్న పళ్లను గార అడ్డుకట్టలా కలిపి ఉంచి ఉండవచ్చు. అది పోయాక అసలు స్థితి బయటపడుతుంది. చికిత్స ఎముకను తీయలేదు, ఎముక ముందే పోయింది. చిగురు గట్టిపడే కొద్దీ కదలిక చాలావరకు తగ్గుతుంది. చల్లదనానికి జివ్వుమనడం కూడా సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

మూడు నెలలకు మళ్లీ కొలిచారు. 5 మిల్లీమీటర్లు దాటిన చోట్లు 46 నుంచి 11కు తగ్గాయి. రక్తస్రావం చాలా చోట్ల ఆగింది. షుగర్ మందులు ఏమీ మార్చలేదు. హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 8.1కి వచ్చింది. మూడు నెలలు ఆగడానికి ఒక లెక్క ఉంది. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజ్ అతుక్కుందో చెప్పే కొలత. అది గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది. చికిత్స అయిన రెండు వారాలకే చేయిస్తే తేడా పూర్తిగా తెలియదు.

ఊహించిన ఉదాహరణే అయినా ఈ అర శాతం తగ్గుదల గాలిలోంచి తీసుకున్నది కాదు. 2022లో కాక్రేన్ సంస్థ 35 పరిశోధనలను కలిపి పరిశీలించింది. వాటిలో మధుమేహం, చిగుళ్ల జబ్బు రెండూ ఉన్నవారు 3 వేల మందికి పైగా పాల్గొన్నారు. చిగుళ్ల చికిత్స చేసినవారిలో మూడు నాలుగు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం మేర తక్కువగా ఉంది. ఆరు నెలల దగ్గర ఆ తేడా 0.30. లండన్‌లో 264 మంది మీద జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో విస్తృతమైన చిగుళ్ల చికిత్స పొందినవారికి ఏడాది తర్వాత 0.6 శాతం తక్కువ వచ్చింది.

అన్ని పరీక్షల ఫలితాలూ ఇలాగే లేవు. 2013లో అమెరికాలో 514 మందితో చేసిన పరీక్షలో ఆరు నెలల తర్వాత ఏ తేడా కనిపించలేదు. ఆ పరీక్షలో చికిత్స తర్వాత కూడా పాల్గొన్నవారి నోళ్లలో పాచి, రక్తస్రావం చాలావరకు మిగిలే ఉన్నాయని, అంటే చిగుళ్లు సరిగా మానలేదని విమర్శకులు ఎత్తిచూపారు. ఈ వాదన నుంచి రోగి తెలుసుకోవాల్సింది ఒకటుంది. కుర్చీలో కూర్చుని గార తీయించుకోవడంతో షుగర్ దిగదు. చిగుళ్లు నిజంగా మానితేనే, ఆ మానిన స్థితి నిలిస్తేనే ఏదైనా లాభం. పాచి మళ్లీ పేరుకుంటే తిత్తులూ మళ్లీ లోతవుతాయి. అందుకే ఇలాంటి రోగులను మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోమంటారు.

అర శాతం అంటే మధుమేహానికి రెండో మాత్ర చేర్చినప్పుడు వచ్చే లాభానికి దగ్గరగా ఉంటుంది. దాన్ని తక్కువ చేయలేం, ఎక్కువా చేయకూడదు. చిగుళ్ల చికిత్స మాత్రలకూ తిండి నియమానికీ నడకకూ తోడు మాత్రమే. కండక్టరు 8.1 నుంచి 7కు రావాలంటే మిగతా దారి వాటితోనే నడవాలి.

గుండె దగ్గర ఎంత తెలుసు?

చిగుళ్లకూ గుండెకూ సంబంధం ఉందన్న అనుమానం 1989లో గట్టిపడింది. ఫిన్‌లాండ్ పరిశోధకులు గుండెపోటు వచ్చిన 100 మంది పళ్లనూ, రాని 102 మంది పళ్లనూ పోల్చి చూశారు. గుండెపోటు వచ్చినవారి నోటి ఆరోగ్యం బాగా అధ్వానంగా ఉంది. వయసు, పొగతాగడం, మధుమేహం వంటి కారణాలను లెక్కలో తీసేసినా తేడా మిగిలింది. ఆ తర్వాత అనేక దేశాల్లో ఇలాంటి ఫలితాలే వచ్చాయి. రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు గడ్డల్లో నోటి బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా దొరికింది. తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవారి రక్తంలో వాపును సూచించే సీ-రియాక్టివ్ ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది.

2007లో వెలువడిన ఒక పరీక్ష ఈ దారిని కొంత స్పష్టం చేసింది. తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్న 120 మందిలో కొందరికి విస్తృత చికిత్స, కొందరికి మామూలు శుభ్రత చేశారు. చేతి రక్తనాళం ఎంత సాగగలదో కొలిచారు. నాళం లోపలి పొర ఆరోగ్యంగా ఉంటే బాగా సాగుతుంది. విస్తృత చికిత్స జరిగిన మర్నాడు ఆ సాగే గుణం తగ్గింది, ఎందుకంటే గార గీకడం వల్ల బ్యాక్టీరియా రక్తంలోకి చేరి తాత్కాలికంగా వాపు పెరిగింది. ఆరు నెలల తర్వాత చూస్తే వారి నాళాలు మామూలు శుభ్రత పొందినవారి కంటే మెరుగ్గా సాగుతున్నాయి.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. నాళం బాగా సాగడం మంచి గుర్తు. అది గుండెపోటు ఆగినట్టు రుజువు కాదు. చిగుళ్ల జబ్బు, గుండె జబ్బు రెండింటికీ పొగాకు, మధుమేహం, వయసు, పేదరికం వంటి ఉమ్మడి మూలాలున్నాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ఆధారాలన్నీ తూచి, రెండింటికీ అనుబంధం ఉన్నమాట నిజమేనని, ఒకటి మరోదానికి కారణమని కానీ, చిగుళ్ల చికిత్స గుండెపోటును నివారిస్తుందని కానీ చెప్పడానికి ఆ ఆధారాలు చాలవని ప్రకటించింది. కాబట్టి పళ్లు శుభ్రం చేయించుకుంటే గుండెపోటు రాదని ఎవరైనా చెబితే అది ఆధారాలను మించిన మాట.

గుండెకూ నోటికీ అనుమానానికి తావులేని సంబంధం మరోచోట ఉంది. అది గుండె కవాటాల ఇన్ఫెక్షన్. పన్ను పీకినప్పుడు, జబ్బు చిగుళ్లున్న నోట్లో పళ్లు తోముకున్నప్పుడు, నమిలినప్పుడు కూడా నోటి బ్యాక్టీరియా కాసేపు రక్తంలోకి వస్తాయి. ఆరోగ్యవంతుల్లో శరీరం వాటిని నిమిషాల్లో ఊడ్చేస్తుంది. కృత్రిమ కవాటం అమర్చినవారిలో అవి కవాటానికి అతుక్కుని అక్కడే పెరగవచ్చు. ఈ జబ్బు ప్రాణం తీయగలదు. కీళ్లవాత జ్వరం వల్ల కవాటాలు పాడై, చిన్న వయసులోనే కవాటం మార్పించుకున్నవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. ఇలాంటివారు, ఇంతకు ముందు ఒకసారి కవాటాలకు ఇన్ఫెక్షన్ వచ్చినవారు, కొన్నిరకాల పుట్టుకతో వచ్చే గుండె లోపాలున్నవారు పన్ను పీకించుకోవడానికి, గార తీయించుకోవడానికి గంట ముందు డాక్టరు చెప్పిన యాంటీబయాటిక్ ఒక మోతాదు వేసుకోవాలి. కారణం లేని జ్వరం రోజుల తరబడి ఉంటే వెంటనే గుండె వైద్యుణ్ని కలవాలి.

కుర్చీలో కూర్చునే ముందు

షుగర్ రోగి దంతవైద్యుడి దగ్గరకు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. ఉదయం టిఫిన్ తిని, ఎప్పటి మాత్ర అప్పుడు వేసుకుని, పొద్దుటి పూటే వెళ్లడం మంచిది. మాత్ర వేసుకుని ఏమీ తినకుండా కూర్చుంటే చికిత్స మధ్యలో షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. మూడు నెలల్లోపు హెచ్‌బీఏ1సీ కాగితం వెంట తీసుకెళితే, ఏది ఇప్పుడే చేయాలో, ఏది వాయిదా వేయాలో వైద్యుడు నిర్ణయించగలుగుతాడు.

గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటారు. పన్ను పీకితే రక్తం ఆగదేమోనన్న భయంతో కొందరు నాలుగు రోజుల ముందే వాటిని సొంతంగా ఆపేస్తారు. ఇది ప్రమాదం. పన్ను పీకినచోట వచ్చే రక్తాన్ని దూదితో నొక్కో, కుట్టు వేసో ఆపవచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే అది గుండెపోటు. మాత్ర ఆపాలా వద్దా అన్నది గుండె వైద్యుడు చెప్పాల్సిన మాట.

చిగుళ్ల నుంచి రక్తం, వదిలినా మళ్లీ వచ్చే నోటి దుర్వాసన, చిగురు జారి పన్ను పొడుగ్గా కనిపించడం, కొత్తగా వచ్చిన సందులు, కదిలే పన్ను, చిగురు నొక్కితే చీము. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చిగుళ్లను కొలిపించుకోవాలి. నలభై దాటినవారిలో ఇవి తీవ్రంగా ఉండి షుగర్ సంగతి ఇంకా తెలియకపోతే రక్త పరీక్ష కూడా చేయించాలి. మధుమేహం ఉన్నట్టు మొదటిసారి దంతవైద్యుడి దగ్గరే బయటపడినవారూ ఉన్నారు.

కండక్టరు తర్వాతిసారి షుగర్ డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు రెండు కాగితాలు తీసుకెళ్లాడు. ఒకటి హెచ్‌బీఏ1సీ, రెండోది దంతవైద్యురాలు రాసిచ్చిన చిగుళ్ల కొలతలు. డాక్టరు మాత్రలు అలాగే ఉంచి, మూడు నెలల తర్వాత రెండూ మళ్లీ చేయించి తెమ్మన్నాడు.